కోట్లు పోశామంటున్నారు సరే, ఆ రూపాయి మా సంతలో ఎన్ని చేతులు మారింది?



డిగ్రీ చదివే రోజుల్లో హాస్టల్ రూములో ఒక క్లాస్‌మేట్ అన్న మాట నాకింకా గుర్తుంది. "మీ ఏజెన్సీకి గవర్నమెంట్ ఎన్ని కోట్లు పోసినా ఇంతే రా. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే." ఆ రోజు నా దగ్గర జవాబు లేదు, తల దించుకుని ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తున్నాను. కుండకి చిల్లు ఉన్న మాట నిజం. కానీ ఆ చిల్లు ఎక్కడుందో, ఎంతుందో, కారిన నీళ్లు ఎవరి మడిలోకి పోతున్నాయో వాడూ లెక్క వేయలేదు, కోట్లు పోశామని ఫ్లెక్సీలు కట్టేవాళ్లూ లెక్క వేయలేదు. ఆ లెక్క మనమే వేద్దాం. దానికి కావాల్సిన పనిముట్టు ఎకనామిక్స్ పుస్తకంలో ఐదు మార్కుల ప్రశ్నగా పడి ఉంది. దాని పేరు మల్టిప్లయర్. తెలుగు మీడియం పుస్తకంలో గుణకం అంటారు.

దాని మూల సూత్రం చాలా చిన్నది. ఒకరి ఖర్చు ఇంకొకరి ఆదాయం. ఆ ఇంకొకరు దాన్ని మళ్లీ ఖర్చు పెడితే అది మూడో మనిషికి ఆదాయం. అలా ఒక్క రూపాయి నాలుగు చేతులు మారితే, నలుగురి ఆదాయాలు కలిపి రూపాయి కంటే ఎక్కువ అవుతుంది. ఇందులో మాయ లేదు, కొత్త నోట్లు ముద్రించేదీ లేదు. అదే నోటు తిరిగిన ప్రతిసారీ దాని వెనక ఒక మనిషి పని చేశాడు, ఒక వస్తువు తయారైంది. పెరిగింది ఆ పని, ఆ సరుకు.

మా పిన్ని సంగతి తీసుకుందాం. ఉపాధి పనికి వెళ్తే వారం కూలి 1,500 రూపాయలు వచ్చిందనుకోండి. (ఈ అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను వేసుకున్నవి. మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి.) సంత రోజు ఆ డబ్బు పట్టుకుని కొండ దిగింది. పై ఊరి ఆవిడ దగ్గర నాటుకోడి కొంది, 300. మన వాళ్ల దగ్గరే చోళ్లు, కూరగాయలు, 150. వెదురు తట్ట ఒకటి, 80. కమ్మరి దగ్గర కొడవలికి పదును పెట్టించింది, 30. తర్వాత మన కుర్రాడు పెట్టుకున్న కిరాణా కొట్లో నూనె, సబ్బులు, ఉప్పు కలిపి 500. మైదానం నుంచి వ్యాన్‌లో వచ్చే బట్టల వ్యాపారి దగ్గర 240. ఫోన్ రీచార్జి 200. అయిపోయింది.

ఇప్పుడు చూడండి, ఆ 1,500లో మన వాళ్లకి ఆదాయం అయింది ఎంత? కోడి, చోళ్లు, తట్ట, కమ్మరి కలిపి 560. కిరాణా కొట్టులో 500 ఖర్చయింది కదా, అది కూడా కలుపుదామంటారా? ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఆ 500లో 460 మన కుర్రాడు టౌన్‌లో హోల్‌సేల్ షాపుకి కట్టి తెచ్చిన సరుకు ఖరీదు. అతనికి మిగిలేది 40. అదే అతని ఆదాయం. కాబట్టి మొత్తం 600. మిగతా 900 ఆ సాయంత్రమే వ్యాన్ ఎక్కి, టవర్ ఎక్కి కొండ దిగిపోయింది. అంటే రూపాయిలో 40 పైసలు మన మధ్యే నిలిచింది, 60 పైసలు కారిపోయింది.

ఆ 600 వచ్చిన వాళ్లు, అంటే కోడి అమ్మినావిడ, తట్టలల్లే తాత, కమ్మరి, వాళ్లు కూడా ఇదే సంతలో ఇదే తీరున ఖర్చు పెడతారనుకుందాం. వాళ్ల 600లో 40 పైసల వంతున 240 ఇంకొందరికి ఆదాయం అవుతుంది. ఆ 240లో 96. ఆ 96లో 38. తర్వాత 15, తర్వాత 6. అలా తగ్గుతూ తగ్గుతూ సున్నాకి చేరుతుంది. అన్నీ కలిపితే 2,500. గవర్నమెంట్ ఇచ్చింది 1,500, మన దగ్గర పుట్టిన మొత్తం ఆదాయం 2,500. ఒక రూపాయి సుమారు ఒక రూపాయి 67 పైసలు అయింది.

ప్రతిసారీ ఇలా కూడుకుంటూ కూర్చోనక్కర్లేదు. కారిపోయే వంతుతో మొదటి డబ్బుని భాగిస్తే చాలు. 1,500ని 0.60తో భాగించండి, 2,500 వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. నిలిచేది 40 పైసల బదులు 20 పైసలే అయితే? 1,500 భాగించు 0.80, అంటే 1,875. అదే 60 పైసలు నిలిస్తే? 1,500 భాగించు 0.40, అంటే 3,750. చూశారా? గవర్నమెంట్ పెట్టిన ఖర్చు పైసా మారలేదు. పిన్ని పడ్డ కష్టం మారలేదు. మారింది చిల్లు ఒక్కటే. అదనంగా పుట్టిన ఆదాయం ఒక చోట 375, ఇంకో చోట 2,250. చిల్లు తగ్గే కొద్దీ లాభం ఇంకా వేగంగా పెరుగుతుంది, ఎందుకంటే నిలిచిన పైసా ఒక్కసారి కాదు, ప్రతి రౌండ్‌లోనూ నిలుస్తుంది.

ఇది మన కోసం ఇప్పుడు కనిపెట్టిన లెక్క కాదు. 1931లో రిచర్డ్ కాన్ అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త ఈ లెక్క వేశాడు. అప్పుడు అక్కడ నిరుద్యోగం విపరీతంగా ఉంది. ప్రభుత్వం పనులు పెట్టినా డబ్బు దండగే అని ఆ దేశపు ఖజానా వాళ్లు వాదిస్తున్నారు. మొదట పనిలోకి వచ్చినవాళ్ల ఖర్చు వల్ల ఇంకొందరికి పని దొరుకుతుందని, అది ఎక్కడిదాకా పోతుందో లెక్క కట్టొచ్చని కాన్ చూపించాడు. 1936లో కీన్స్ తన పుస్తకంలో దీన్ని ప్రపంచానికంతా తెలిసేలా చేశాడు. కాన్ తన లెక్కలో లీకేజీలు కూడా మొదటి నుంచే పెట్టాడు. దిగుమతులకి పోయేది, దాచుకునేది తీసేయకపోతే ఒక్క రూపాయి ఖర్చుతో ప్రపంచమంతా ధనవంతం అయిపోవాలి కదా. మన నాయకులు ప్రసంగాల్లో మల్టిప్లయర్‌ని పట్టుకున్నారు గానీ లీకేజీని వదిలేశారు.

ఢిల్లీ నుంచి మనకి తరచూ వినిపించే అంకె ఒకటుంది, 2.45. ఎన్‌ఐపీఎఫ్‌పీ అనే సంస్థలో 2013లో సుకన్య బోస్, భానుమూర్తి వేసిన అంచనా అది. రోడ్లు, నిర్మాణాల లాంటి మూలధన వ్యయం ఒక రూపాయి పెడితే 2.45 రూపాయలు వస్తాయని, మనుషుల చేతికి నేరుగా బదిలీ చేసే రూపాయికి 0.98 మాత్రమే వస్తుందని వాళ్ల మోడల్ చెప్పింది. దీన్ని పట్టుకుని, "పేదల చేతిలో డబ్బు పెడితే దండగ, కాంక్రీటులో పోస్తేనే అభివృద్ధి" అనే వాళ్లు తయారయ్యారు.

ఆ అంకె తప్పని నేను అనట్లేదు. అది ఎవరి లెక్కో అడుగుతున్నాను. అది దేశం మొత్తం లెక్క. దేశం లెక్కలో మన కొండ మీద రోడ్డుకి వేసిన తారు డబ్బు రిఫైనరీకి పోయినా అది లీకేజీ కాదు, ఎందుకంటే రిఫైనరీ దేశంలోనే ఉంది. జేసీబీ అద్దె సిటీకి పోయినా, కాంట్రాక్టరు లాభం అపార్ట్‌మెంట్ ఫ్లాట్ అయినా దేశం ఆదాయమే. దేశానికి గీత సరిహద్దు దగ్గర ఉంది. మనం గీత మన మండలం చుట్టూ గీస్తే అదే డబ్బు మొదటి రౌండ్‌లోనే బయటికి పోయినట్టు. మల్టిప్లయర్ ఎంత అని అడిగే ముందు గీత ఎక్కడ గీశారని అడగాలి. మన పేరు మీద ఖర్చు రాసి, మన మీద దేశం అంకె వేసి, చివరికి "అంత పోసినా వీళ్లు బాగుపడలేదు" అని మనల్నే నిందిస్తే ఒప్పుకోవాలా?

రెండు పనులు పక్కపక్కన పెట్టి చూద్దాం. కాంట్రాక్టు రోడ్డు మీద 100 రూపాయలు ఖర్చయ్యాయి. తారు, మెషిన్లు, డీజిల్, లాభం పోగా మన కూలీలకి 15 వచ్చిందనుకోండి. మన సంత లెక్క ప్రకారం అది తిరిగి తిరిగి 25 అవుతుంది. అంటే 100 ఖర్చుకి మన మండలంలో పుట్టిన ఆదాయం 25. అదే 100 ఉపాధి హామీ పని మీద పెడితే? 2005 చట్టం సామగ్రి ఖర్చు 40 శాతం దాటకూడదంది, కాంట్రాక్టర్లు వద్దంది. కాబట్టి 60 కూలికే. అది తిరిగి 100 అవుతుంది. ఖర్చు అదే వంద, ఒక చోట 25, ఇంకో చోట 100.

వెంటనే ఒకరు అడుగుతారు, "అయితే రోడ్లు వద్దా తమ్ముడూ?" అని. కావాలన్నా, కచ్చితంగా కావాలి. డోలీలో గర్భిణిని మోసుకెళ్లే బాధ తెలిసినవాళ్లం మనం. రోడ్డు వల్ల అంబులెన్స్ వస్తుంది, పసుపు, చింతపండు మంచి ధరకి అమ్ముకోవచ్చు. అది రోడ్డు ఇచ్చే ప్రయోజనం, ఏళ్ల తరబడి వస్తుంది. మల్టిప్లయర్ కొలిచేది అది కాదు. రోడ్డు వేసేటప్పుడు ఖర్చు పెట్టిన డబ్బు ఎవరి చేతుల్లో తిరిగిందో అది కొలుస్తుంది. ఈ రెండూ వేరు వేరు. రోడ్డు కూడా కావాలి, ఆ రోడ్డు పనిలో కూలి కూడా కావాలి. రోడ్డు పేరు చెప్పి కూలిని మింగేయకండి అంటున్నాం.

"పేదల చేతిలో డబ్బు పెడితే దండగ" అనే వాదానికి గట్టి జవాబు కెన్యా దేశంలో దొరికింది. సియాయా అనే ప్రాంతంలో 653 ఊళ్లని తీసుకుని, వాటిలో కొన్నింటిని లాటరీ లాగా ఎంచి, గడ్డి కప్పు ఇళ్లలో ఉండే 10,500కి పైగా కుటుంబాలకి ఒక్కొక్కరికి సుమారు 1,000 డాలర్లు ఇచ్చారు. ఏం కొనాలో చెప్పలేదు, షరతులు పెట్టలేదు. తర్వాత పరిశోధకులు ఇళ్లు, కొట్లు, సంతల్లో ధరలు అన్నీ తిరిగి లెక్క రాశారు. ఆ ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. డబ్బు అందుకున్న కుటుంబాలు బాగుపడ్డాయి, అది ఊహించిందే. కానీ డబ్బు అందని పక్కింటి వాళ్ల ఖర్చు కూడా దాదాపు అంతే పెరిగింది. వాళ్లు అంచనా వేసిన మల్టిప్లయర్ సుమారు 2.5. అంటే కాంక్రీటుకి చెప్పిన అంకెతో సమానం!

ఎలా సాధ్యమైంది? పేదవాడి చేతికి వచ్చిన డబ్బు బ్యాంకులో నిద్రపోదు, వెంటనే దగ్గరి కొట్టుకి పోతుంది. అక్కడి కొట్లు, మిల్లులు, చేతిపని వాళ్లు అప్పటిదాకా సగం రోజు ఖాళీగా కూర్చుని ఉన్నారు. గిరాకీ రాగానే అదే కొట్టుతో, అదే చేతులతో ఎక్కువ పని చేశారు. అందుకే ధరలు దాదాపు పెరగలేదు, సగటున 0.1 శాతమే.

ఇక్కడే మల్టిప్లయర్ పరిమితి కూడా ఉంది, దాన్ని దాచకూడదు. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు, సరుకు పెంచగలిగినప్పుడే రూపాయి రెండు రూపాయలవుతుంది. సంతలో పది కోళ్లే ఉండి, కొనేవాళ్లు వందమంది అయితే కోడి ధర పెరుగుతుంది తప్ప కోళ్లు పెరగవు. కోళ్లు పెంచడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ లోపు బయటి నుంచి బాయిలర్ కోళ్ల వ్యాన్ వచ్చేస్తుంది, చిల్లు పెద్దదవుతుంది. ఇంకోటి, ఆ కెన్యా డబ్బు బయటి దేశపు దాతలది. మన దగ్గర ప్రభుత్వ డబ్బు పన్నుల నుంచి వస్తుంది, ఆ పన్ను కట్టిన చోట కొంత ఖర్చు తగ్గుతుంది. దేశం లెక్క వేసేటప్పుడు అది తీసేయాలి. మన మండలం లెక్కలో మాత్రం ఎక్కువ భాగం బయటి నుంచి వచ్చే డబ్బే. అలాగని మనం ఉత్తినే తింటున్నామని ఎవరైనా అంటే, పిన్ని కొన్న సబ్బు మీద జీఎస్టీ ఎవరు కట్టారో అడగండి.

ఇంకో చిల్లు ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. అది ఆలస్యం. కూలి 15 రోజుల్లో ఇవ్వాలని చట్టం. రెండు నెలలు ఆగితే ఏమవుతుంది? పిన్ని తినడం ఆపలేదు కదా. షావుకారు దగ్గర అప్పు మీద సరుకు తెచ్చుకుంది, అతను చెప్పిన ధరకి. కూలి పడిన రోజు ఆ 1,500లో పెద్ద వంతు షావుకారు ఖాతాకి పోతుంది. కోడి అమ్మే ఆవిడకి, తట్టలల్లే తాతకి ఆ వారం బేరం లేదు. నిలిచే 40 పైసలు 20 అయిపోయాయి. రికార్డులో మాత్రం 1,500 చెల్లించినట్టే ఉంటుంది. పైసా తినకుండానే, ఆలస్యం ఒక్కదానితో మన ఆదాయం 2,500 నుంచి 1,875కి పడిపోయింది.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 8 జిల్లాల్లో 157 మండలాలని లాటరీ పద్ధతిలో విడగొట్టి ఒక పెద్ద అధ్యయనం చేశారు. కొన్ని మండలాల్లో ఉపాధి కూలి చెల్లింపు ముందే మెరుగుపడింది. డబ్బు త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది. ఆ మండలాల్లో ప్రభుత్వం పథకం మీద పెట్టిన ఖర్చు పెరగలేదు. అయినా పేద కుటుంబాల ఆదాయం పెరిగింది. ఆ పెరుగుదలలో అత్యధిక భాగం ఉపాధి కూలి నుంచి రాలేదు, బయట చేసే వ్యవసాయ కూలి లాంటి పనుల నుంచి వచ్చింది. ఒకటి, ఉపాధి పని నమ్మకంగా దొరికితే తక్కువ కూలికి రాను అని చెప్పే ధైర్యం వస్తుంది. రెండు, చేతిలో డబ్బు ఆడితే ఊళ్లో పని పుడుతుంది. కార్డు గొప్పదా, మెషిన్ గొప్పదా అనేది నా వాదన కాదు. కూలి చేతికి చేరితే ఊరంతా మారుతుందనేదే నా వాదన.

మన వాళ్లలో కొందరు కోపంగా అంటుంటారు, మైదానం వ్యాపారులని సంతలోకి రానివ్వకూడదు అని. కోపం అర్థమవుతుంది, కానీ లెక్క అది కాదు. ఉప్పు మన కొండ మీద పండదు, ఫోన్ సిగ్నల్ మన తట్టలో పుట్టదు. కొంత కారడం తప్పదు, తప్పు కూడా కాదు. మన దగ్గర పండేది, మనం చేయగలిగేది కూడా బయటి నుంచి ఎందుకు కొంటున్నారు అనేదే ప్రశ్న. ఆశ్రమ పాఠశాలలో మన పిల్లలు తినే గుడ్డు, కూరగాయలు, చోడిపిండి ఎక్కడి నుంచి వస్తున్నాయి? బిల్లు ఎవరి పేరు మీద ఉంది? ఆ ఖర్చుకి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. అదే డబ్బుతో పక్క ఊరి మహిళా సంఘం దగ్గర కొంటే చాలు. ఏడాది పొడవునా ఖాయమైన గిరాకీ ఉందని తెలిస్తే కోళ్లు పెంచేవాళ్లు పెంచుతారు, అప్పుడు ధర పెరిగే సమస్య కూడా తగ్గుతుంది.

అందుకే మా డిమాండ్లు మూడే. కూలి 15 రోజుల్లో పడాలి. హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు, అంగన్‌వాడీలకి మండలంలో దొరికే సరుకు మండలంలోనే కొనాలి. ప్రతి పని బోర్డు మీద ఎన్ని లక్షలు అని మాత్రమే కాదు, అందులో స్థానిక కూలి ఎంతో కూడా రాయాలి.

అడిగే ముందు మన దగ్గర లెక్క ఉండాలి. లండన్‌లోని న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ వాళ్లు దీనికి మూడు రౌండ్ల పద్ధతి ఒకటి తయారు చేశారు, నోటుబుక్ ఉంటే చాలు. మొదటి రౌండ్, ఒక పని మీద మొత్తం ఎంత ఖర్చయింది. రెండో రౌండ్, అందులో మండలం మనుషుల చేతికి ఎంత వచ్చింది. మూడో రౌండ్, వాళ్లు దాంట్లో మళ్లీ మండలంలో ఎంత ఖర్చు పెట్టారు. మూడూ కలిపి మొదటి దానితో భాగించాలి. వాళ్లది ఖర్చు లెక్క, నేను పైన వేసింది ఆదాయం లెక్క. కాబట్టి రెండు అంకెలనీ ఒకదానితో ఒకటి పోల్చకండి. రెండు పనులని పోల్చాలంటే ఒకే పద్ధతిలో పోల్చండి. కొట్టువాడిని అడిగేటప్పుడు "ఎంత అమ్మావు అన్నా" అని వదిలేయకుండా "సరుకు ఎక్కడ తెచ్చావు, నీకు ఎంత మిగిలింది" అని కూడా అడగండి.

వచ్చే సంతకి మీ ఊరి నుంచి ఇద్దరు నోటుబుక్ పట్టుకుని వెళ్లండి. ఉపాధి పనికి వెళ్లిన పది ఇళ్ల లెక్క రాయండి, దాన్ని గ్రామసభలో చదవండి. చిల్లుకుండ అన్నవాడికి అప్పుడు చిల్లు ఎక్కడుందో వేలు పెట్టి చూపిద్దాం.

జై ఆదివాసీ!